దగ్గర దారి ఏది? – మూడు కొలబద్దల కథ

చదరంగపు బల్ల మీద ఒక మూల నిలిచిన రాజు ఎదుటి మూలకు పోవలెనంటే ఏడు ఎత్తులు కావలెను. అదే రాజు అంచు వెంట నేరుగా నడిచి పక్క మూలకు పోవలెనన్నా ఏడు ఎత్తులే. ఇది ఆట నేర్చిన ప్రతివానికీ తెలిసిన సంగతి. అయితే బల్ల మీద దారం పట్టి కొలిచి చూస్తే మొదటి దారి రెండవదానికంటె దాదాపు నలభై ఒక్క శాతం పొడవు. దారం అబద్ధమాడదు, రాజు తప్పు లెక్క పెట్టడు. ఇద్దరూ నిజమే చెప్పుతున్నప్పుడు దూరం అన్న మాటకే ఒకటి కంటె ఎక్కువ అర్థాలున్నవని ఒప్పుకొనక తప్పదు.

ఈ సంగతిని ఆయుధంగా చేసికొని ఓడిపోయిన ఆటను నిలబెట్టవచ్చునని చూపినవాడు రిచర్డ్ రేటీ. ఇతడు 1889లో పుట్టి 1929లో మరణించిన మేటి ఆటగాడు. 1921లో ఇతడు ప్రకటించిన ఒక చిన్న సమస్యలో బల్ల మీద మొత్తం నాలుగే పావులుంటవి: రాజులిద్దరు, బంట్లు రెండు. గళ్ళను గుర్తించడానికి తెల్లవారి వైపు నుండి చూచి, ఎడమనుండి కుడికి నిలువు వరుసలకు 1 నుండి 8 వరకు, దగ్గరనుండి దూరానికి అడ్డు వరుసలకు 1 నుండి 8 వరకు అంకెలు వేద్దామంటే, తెల్లరాజు (8, 8) వద్ద, అనగా కుడివైపు చివరి మూలన నిలిచి ఉన్నాడు. తెల్లబంటు (3, 6) వద్ద ఉన్నది. నల్లరాజు (1, 6) వద్ద, నల్లబంటు (8, 5) వద్ద. ఎత్తు తెల్లవారిది. ఆటను సమంగా ముగించవలెను.

చూపుకు ఇది అసాధ్యం. నల్లబంటు నాలుగు ఎత్తులలో (8, 1) చేరి మంత్రి అవుతుంది. తెల్లరాజు అక్కడికి పోవడానికి ఏడు ఎత్తులు పట్టును. ముందు ఎత్తు తెల్లవారిదే గనుక, బంటు నాలుగు ఎత్తులు కదిలే లోపల తెల్లరాజుకు అయిదు ఎత్తులు దక్కును. అంటే సరిగా రెండు ఎత్తులు తక్కువ. ఇక తన బంటును కాపాడుకొందామా అంటే, నల్లరాజు రెండే ఎత్తులలో దానిని చంపగలడు, తెల్లరాజు దాని పక్కకు చేరవలెనంటే నాలుగు ఎత్తులు కావలెను. ఒక పని చేయబోతే ఆలస్యం, మరొక పని చేయబోతే ఇంకా ఆలస్యం.

రేటీ చూపిన పరిష్కారం ఇది. తెల్లరాజు నల్లబంటు వెంట నిలువుగా పరుగెత్తడు. తన బంటు వైపు అడ్డంగానూ పోడు. మూలగా కదిలి (7, 7)కు వస్తాడు. నల్లబంటు (8, 4)కు దిగుతుంది. తెల్లరాజు (6, 6). ఇప్పుడు నల్లరాజు తెల్లబంటును పట్టుకొనడానికి (2, 6)కు వస్తాడు. తెల్లరాజు (5, 5). ఈ గడి మీదనే సమస్య ప్రాణమంతా ఉన్నది. ఇక్కడినుండి అతడు ఒకే ఎత్తులో (4, 6)కు పోయి తన బంటుకు అండగా నిలువగలడు. లేదా మూడు ఎత్తులలో (8, 2)కు దిగి నల్లబంటును పట్టగలడు. నల్లవారు రెంటినీ ఒకసారి ఆపలేరు. నల్లరాజు బంటును చంపితే, తెల్లరాజు (6, 4), (7, 3) మీదుగా దిగి, నల్లబంటు (8, 2) చేరిన మరుక్షణమే దానిని తీసివేస్తాడు. నల్లబంటే పరుగు సాగించి (8, 3)కు దిగితే, తెల్లరాజు (4, 6)కు వచ్చి తన బంటును ముందుకు నడిపిస్తాడు, చివరకు ఇరుపక్షాలకూ ఒక్కొక్క మంత్రి వస్తుంది. ఏ దారిన పోయినా ఆట సమం. నల్లరాజు తెల్లబంటును చంపడానికి ఖర్చుచేసిన రెండు ఎత్తులే తెల్లరాజుకు తక్కువైన ఆ రెండు ఎత్తులు.

ఇందులో మాయ ఎక్కడున్నది? తెల్లరాజు (8, 8)నుండి (5, 5)కు మూడు ఎత్తులు, అక్కడినుండి (8, 2)కు మూడు ఎత్తులు, మొత్తం ఆరు నడిచాడు. అంచు వెంట నేరుగా దిగినా (8, 8)నుండి (8, 2)కు ఆరే. బల్ల నడుమవరకు వెళ్ళి వచ్చిన చుట్టుదారి ఒక్క ఎత్తు కూడ అదనంగా అడగలేదు. దారంతో కొలిచేవానికి ఇది నమ్మశక్యం కాదు. త్రిభుజంలో రెండు భుజాల మొత్తం మూడవ భుజం కంటె పెద్దదని పాఠశాలలో నేర్చుకొన్న మాట ఇక్కడ సన్నగిల్లి, రెండు భుజాల మొత్తం మూడవ భుజానికి సమానమై కూర్చున్నది. నిజానికి బల్ల వెలుపలికి పోకుండా (8, 8)నుండి (8, 2)కు ఆరు ఎత్తులలో చేరే దారులు రాజుకు ఒకటి కాదు, రెండు కాదు, 51 ఉన్నవి. అవన్నీ అతనికి సమానంగా దగ్గర దారులే.

రాజు నడకను గణితం ఎట్లా చెప్పుతుందో చూడవలెను. ఒక చోటినుండి మరొక చోటికి జరిగిన కదలికను ఎంత, ఎటు అని రెండూ చెప్పే రాశిని సదిశ అంటారు. చదరంగపు బల్ల మీద కదలికకు రెండు అంశాలు చాలు: అడ్డంగా ఎన్ని గళ్ళు, నిలువుగా ఎన్ని గళ్ళు. మూడు గళ్ళు కుడికి, నాలుగు గళ్ళు పైకి జరిగితే ఆ సదిశ (3, 4). ఎడమకు, కిందికి జరిగితే అంశానికి ఋణ చిహ్నం వస్తుంది, కాని పొడవు లెక్కలో చిహ్నాన్ని వదలివేసి అంకెనే తీసికొంటారు. ఈ సదిశ పొడవు ఎంత అన్న ప్రశ్నకు ఇచ్చే జవాబును గణితశాస్త్రజ్ఞులు నార్మ్ అంటారు. జవాబు చెప్పే పద్ధతులు అనేకమైనా, ఎక్కువగా వాడుకలో ఉన్నవి మూడు.

రెండు అంశాలనూ కూడివేస్తే 3 + 4 = 7. ఇది ఒకటవ నార్మ్. రెంటి వర్గాలనూ కూడి వర్గమూలం తీస్తే 9 + 16 = 25, దాని మూలం 5. ఇది రెండవ నార్మ్, దారం చెప్పే పొడవు, లంబకోణ త్రిభుజపు కర్ణం. రెండు అంశాలలో పెద్దదానిని మాత్రమే తీసికొని చిన్నదానిని లెక్కలోనికి తీసికొనకపోతే 4. ఇది అనంత నార్మ్, రాజు చెప్పే పొడవు. మూలగా వేసిన ప్రతి అడుగులో రాజు అడ్డంగా ఒక గడి, నిలువుగా ఒక గడి ఏకకాలంలో గడిస్తాడు గనుక చిన్న అంశం అతనికి ఉచితంగా లభిస్తుంది. రేటీ సమస్యలో (8, 8)నుండి (5, 5)కు జరిగిన కదలికలో అంశాలు 3, 3. అనంత నార్మ్ 3. దారం కొలత 4.24. ఒకటవ నార్మ్ 6. రెండు మూలదారులు కలిపితే అనంత నార్మ్ ప్రకారం 6, దారం ప్రకారం 8.49, ఒకటవ నార్మ్ ప్రకారం 12. నేరుగా దిగిన దారికి మాత్రం మూడింటిలోనూ 6. నేరుదారి విషయంలో ముగ్గురు సాక్షులూ ఏకకంఠంతో పలికి, వంకరదారి వచ్చేసరికి విడిపోయారు.

ఒకటవ నార్మ్ బల్ల మీద అంతగా కనుపించదు గాని పట్టణాలలో అది ప్రతిరోజూ పని చేస్తున్నది. చండీగఢ్ నగరాన్ని తీసికొంటే, లె కార్బూజియే రూపొందించిన ఆ నగరంలో ఒక్కొక్క సెక్టారు సుమారు 1200 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రం. పెద్ద రోడ్లు సెక్టార్ల అంచుల వెంట ఒకదానికొకటి లంబంగా పోవుచున్నవి. ఒక కూడలినుండి పొడవు దిక్కున రెండు సెక్టార్లు, వెడల్పు దిక్కున నాలుగు సెక్టార్లు దాటిన కూడలికి పోవలెననుకొందాము. పొడవు దిక్కున 2400 మీటర్లు, వెడల్పు దిక్కున 3200 మీటర్లు. ఆకాశాన ఎగిరే పక్షికి ఇది సరిగా 4000 మీటర్లు. పెద్ద రోడ్ల వెంట పోయే రిక్షాకు 5600 మీటర్లు. రిక్షావాడు ఏ కూడలిలో ఎటు తిరిగినా, వెనుకకు మాత్రం మరలకుండా పోతే దూరం 5600 కంటె తగ్గదు, పెరగదు. అట్టి దారులు 15 ఉన్నవి. రాజుకు మాదిరే రిక్షావానికి కూడ దగ్గర దారి అనేది ఒక్కటే కాదు. దగ్గర దారి ఒకటే ఉండడం పక్షికి మాత్రమే దక్కిన సంగతి.

ఈ మూడు కొలతల స్వభావాన్ని కంటితో చూడడానికి ఒక మంచి ఉపాయం ఉన్నది. ఒక బిందువునుండి సరిగా ఒక ప్రమాణం పొడవు గల సదిశలన్నిటినీ అన్ని దిక్కులకూ గీచి, వాటి కొనలను కలపడం. ఒక ప్రమాణం పొడవు గల సదిశను యూనిట్ సదిశ అంటారు. రెండవ నార్మ్ ప్రకారం గీస్తే కొనలన్నీ వృత్తం మీద పడుతవి, ఇది అందరికీ తెలిసినదే. అనంత నార్మ్ ప్రకారం గీస్తే అక్షాలకు సమాంతరమైన భుజాలతో ఒక చతురస్రం వస్తుంది. రాజు ఒక్క ఎత్తులో చేరగల ఎనిమిది గళ్ళు అతని చుట్టూ చతురస్రాకారంగా ఉండుటే ఇందుకు తార్కాణం. ఒకటవ నార్మ్ ప్రకారం గీస్తే అదే చతురస్రం కొన మీద నిలబెట్టినట్లు, సంక్రాంతి గాలిపటం ఆకారంలో వస్తుంది. గాలిపటం వృత్తంలో ఇముడుతుంది, వృత్తం చతురస్రంలో ఇముడుతుంది, మూడూ నాలుగు చోట్ల, అక్షాల మీద, ఒకదానినొకటి తాకుతవి.

ఈ మూడు బొమ్మలూ వాటి వాటి లోకాలలో వృత్తాలే. కేంద్రంనుండి సమాన దూరంలో ఉన్న బిందువుల సముదాయమే గదా వృత్తమంటే. అయితే గాలిపటం చుట్టుకొలతను ఒకటవ నార్మ్‌తోనే కొలిచి చూడవలెను. దాని ఒక భుజం (1, 0)నుండి (0, 1)కు పోతుంది, అంశాలు 1, 1, పొడవు 2. నాలుగు భుజాలకు 8. వ్యాసం 2. చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే 4. చతురస్రాన్ని అనంత నార్మ్‌తో కొలిస్తే భుజం 2, నాలుగు భుజాలకు 8, నిష్పత్తి మళ్ళీ 4. 3.14159 అని కంఠస్థం చేసిన సంఖ్య దారంతో కొలిచే లోకానికి మాత్రమే చెందినదని, రాజుగారి రాజ్యంలోనూ రిక్షావాని వీథులలోనూ దాని స్థానంలో నికరంగా 4 కూర్చున్నదని తెలిసినపుడు ఎవరికైనా కొంచెం విస్మయం కలుగుతుంది.

ఏ సదిశనైనా యూనిట్ సదిశగా మార్చడానికి దానిని దాని పొడవుతో భాగిస్తారు. దిక్కు మారదు, పొడవు ఒకటి అవుతుంది. (3, 4)ను దారం కొలతైన 5తో భాగిస్తే (0.6, 0.8). ఒకటవ నార్మ్ 7తో భాగిస్తే (3/7, 4/7). అనంత నార్మ్ 4తో భాగిస్తే (0.75, 1). మూడూ ఒకే దిక్కుకు చూపే బాణాలే, మూడింటినీ యూనిట్ సదిశలని పిలువవచ్చును, కాని కొనలు మాత్రం మూడు వేర్వేరు చోట్ల ఉన్నవి. ఇక్కడ విద్యార్థులు పడే పొరపాటు ఒకటి ఉన్నది. ఒక నార్మ్‌తో భాగించి, తరువాత లెక్కలో మరొక నార్మ్‌ను వాడుతారు. (0.6, 0.8)ను ఒకటవ నార్మ్‌తో కొలిస్తే 1.4 వస్తుంది, యూనిట్ అన్న పేరు వట్టిదైపోతుంది. పొరపాటును పట్టుకొనడం సులభమే. భాగించిన తరువాత వచ్చిన అంశాలను అదే నార్మ్‌తో తిరిగి కొలిచి ఒకటి వచ్చినదా లేదా అని చూడడమే. ఒకటవ నార్మ్ అయితే అంశాల మొత్తం ఒకటి కావలెను. అనంత నార్మ్ అయితే కనీసం ఒక అంశం సరిగా ఒకటిగా ఉండి, మరేదీ దానిని మించకూడదు.

పొడవు మారితే మారనీ, ఏది దగ్గర ఏది దూరం అన్న వరుస మాత్రం ఒకటే కదా అని ఎవరైనా తలచవచ్చును. ఆ వరుస కూడ నిలువదు. ఒక ఇంటినుండి మూడు బావులున్నవనుకొందాము. మొదటిది (6, 0) దిక్కున, రెండవది (5, 2) దిక్కున, మూడవది (4, 4) దిక్కున. ఒకటవ నార్మ్ ప్రకారం వాటి దూరాలు 6, 7, 8. మొదటి బావి దగ్గర. దారం ప్రకారం 6, 5.39, 5.66. రెండవ బావి దగ్గర. అనంత నార్మ్ ప్రకారం 6, 5, 4. మూడవ బావి దగ్గర. బావులు కదలలేదు, ఇల్లు కదలలేదు, కొలబద్ద మారిన మాత్రాన మూడు బావులకూ వంతులవారీగా దగ్గర బావి అన్న గౌరవం దక్కినది. ఒకటవ నార్మ్ ప్రకారం మొదటిదైన బావి అనంత నార్మ్‌లో చిట్టచివరిదైనది.

అయినా ఈ తారుమారుకు ఒక హద్దు ఉన్నది. ఏ సదిశకైనా అనంత నార్మ్ దారం కొలతను మించదు, దారం కొలత ఒకటవ నార్మ్‌ను మించదు. రెండు అంశాలే ఉన్నపుడు ఒకటవ నార్మ్ అనంత నార్మ్‌కు రెట్టింపు మించజాలదు. అందువలన ఒక వస్తువు గమ్యానికి చేరువై చేరువై చివరకు కలిసిపోతున్నదా లేదా అన్న ప్రశ్నకు మూడు కొలబద్దలూ ఒకే జవాబు ఇస్తవి. తగవు వచ్చేది రెంటిలో ఏది ఎక్కువ దగ్గర అన్న చోటనే.

అనంత నార్మ్ అన్న వింత పేరు ఎట్లా వచ్చినదో ఇక్కడ చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే ఆ లెక్కలో అనంతమన్నది ఎక్కడా కనుపించదు. రెండవ నార్మ్‌లో అంశాలను రెండవ ఘాతానికి ఎత్తి, కూడి, రెండవ మూలం తీస్తారు. ఒకటవ నార్మ్‌లో ఒకటవ ఘాతం, ఒకటవ మూలం, అనగా వట్టి కూడిక. ఈ రెండు వద్దనే ఎందుకు ఆగవలెను? (3, 4)కు పదవ ఘాతం వాడితే 3 పదవ ఘాతం 59,049, 4 పదవ ఘాతం 10,48,576. కూడితే 11,07,625. పదవ మూలం తీస్తే సుమారు 4.02. ఘాతం పెరిగినకొద్దీ పెద్ద అంశం చిన్నదానిని పూర్తిగా కమ్మివేసి, జవాబు 4కు చేరువవుతుంది. ఘాతం అనంతమైన హద్దులో సరిగా 4. బొమ్మలో చూస్తే గాలిపటం ఉబ్బి వృత్తమై, వృత్తం ఇంకా ఉబ్బి, మూలలు తీరి చతురస్రమౌతుంది.

ఘాతాన్ని ఒకటి కంటె తగ్గిస్తే మాత్రం కట్టు తెగిపోతుంది. అర ఘాతం వాడి చూస్తే, (1, 0) పొడవు 1, (0, 1) పొడవు 1. రెంటినీ కలిపిన (1, 1)కు వర్గమూలాలు 1, 1, వాటి మొత్తం 2, దాని వర్గం 4. రెండు భుజాల మొత్తం 2 ఉండగా మూడవ భుజం ఒక్కటే 4 అయినది. చుట్టుదారి నేరుదారికంటె దగ్గరైనది! ఇట్టిదానిని పొడవు అని పిలువరాదని గణితశాస్త్రజ్ఞుల నిర్ణయం. చుట్టుదారి నేరుదారికి సమానం కావచ్చును, రేటీ రాజుకు అయినట్లు. తక్కువ మాత్రం కారాదు. బొమ్మలో దీనికి గుర్తు ఏమంటే, అర ఘాతంతో గీచిన యూనిట్ ఆకారం నాలుగు వైపులా లోపలికి గుంటలు పడి నక్షత్రంలా ఉంటుంది. లోపలికి గుంటలు పడని, కేంద్రానికి ఇరువైపులా సమానమైన ఏ ఆకారమైనా ఒక కొలబద్దకు పునాది కాగలదని చూపినవాడు హెర్మన్ మింకోవ్‌స్కీ (1864–1909). ఐన్‌స్టీన్ సాపేక్షతకు జ్యామితి రూపమిచ్చిన పండితుడు కూడ ఇతడే.

కొలబద్దను ఎన్నుకొనడం వ్యక్తి ఇష్టాన్ని బట్టి కాదు, కదలిక జరిగే తీరును బట్టి ఉండవలెను. పెద్ద కర్మాగారాలలో కప్పు కింద నడిచే ఓవర్‌హెడ్ క్రేనును చూచినవారికి ఇది తెలియును. వంతెనలాంటి దూలం షెడ్డు పొడవునా పట్టాల మీద నడుస్తుంది, ఆ దూలం మీద ట్రాలీ అడ్డంగా నడుస్తుంది. రెంటికీ వేర్వేరు మోటార్లు గనుక రెండూ ఒకేసారి కదలవచ్చును. బరువు గమ్యం చేరే కాలాన్ని నిర్ణయించేది రెంటిలో ఆలస్యమైనది, అంటే అనంత నార్మ్. రెండు కదలికలనూ ఒకేసారి జరుపరాదని నియమం పెట్టిన చోట ఒకదాని తరువాత ఒకటి నడుపవలెను, అపుడు అదే క్రేనుకు ఒకటవ నార్మ్ వర్తిస్తుంది. పట్టాలు మారలేదు, దూలం మారలేదు, నడిపే పద్ధతి మారినందున దూరం మారినది.

కాని ఇక్కడ ఒక గోతిలో పడే ప్రమాదం ఉన్నది. దూలం 30 మీటర్లు, ట్రాలీ 16 మీటర్లు పోవలెననుకొందాము. పెద్దది 30 గనుక దూలమే ఆలస్యమని చెప్పబోతే తప్పు. దూలం నిమిషానికి 60 మీటర్లు, ట్రాలీ నిమిషానికి 20 మీటర్లు నడిచేదైతే, దూలానికి పట్టే కాలం 30 సెకండ్లు, ట్రాలీకి 48 సెకండ్లు. ఆలస్యం ట్రాలీదే. అంశాలను ముందుగా ఒకే ప్రమాణంలోనికి, ఇక్కడ సెకండ్లలోనికి, మార్చి ఆ తరువాతనే నార్మ్ తీయవలెను. మీటర్లనూ సెకండ్లనూ, లేదా కిలోలనూ రూపాయలనూ మార్చకుండా కలిపివేసి పొడవు తీస్తే అంకె వస్తుంది గాని దానికి అర్థం ఉండదు.

అక్షాల విషయంలో ఇంకొక గొయ్యి ఉన్నది. దారం కొలతకు అక్షాలు ఎటు తిరిగినా ఒకటే, కాగితాన్ని ఎట్లా తిప్పినా దారం పొడవు మారదు. మిగిలిన రెంటికీ ఆ భాగ్యం లేదు. చండీగఢ్ రోడ్లు ఉత్తర దక్షిణాలకు సరిగా నిలువుగా లేవు, ఏటవాలుగా ఉన్నవి. దేశపటంలోని ఉత్తర, తూర్పు దిక్కులను అక్షాలుగా తీసికొని రిక్షా దూరం లెక్క కడితే తప్పు వస్తుంది. ఎంత తప్పు? రోడ్లు అక్షాలకు 45 డిగ్రీలు వాలి ఉన్న ఒక ఊరిని ఊహించి, ఒకే రోడ్డు మీద నేరుగా 4000 మీటర్లు పోయినట్లు అనుకొంటే, ఉత్తరంగా 2828, తూర్పుగా 2828 మీటర్లు వచ్చి, ఒకటవ నార్మ్ 5657 మీటర్లని చూపుతుంది. నిజంగా నడిచినది 4000 మాత్రమే. అనంత నార్మ్ 2828 అని చూపుతుంది. ఒకటి ఎక్కువ, మరొకటి తక్కువ, రెండూ తప్పే. ఈ పొరపాటును కనిపెట్టడానికి ఒక్క రోడ్డు వెంట నేరుగా పోయే ప్రయాణాన్ని ఎన్నుకొని లెక్క కట్టి చూడవలెను. మూడు నార్మ్‌లూ ఒకే జవాబు ఇస్తే అక్షాలు రోడ్ల వెంట ఉన్నట్లు. వేర్వేరు జవాబులు ఇస్తే అక్షాలను తిప్పవలసి ఉన్నది.

సదిశకు రెండే అంశాలుండవలెనన్న నియమం లేదు, అది భూమి మీది కదలికే కావలెనన్న నియమం కూడ లేదు. ఒక మేస్త్రి నాలుగు స్తంభాలు కట్టినాడనుకొందాము. నిర్ణయించిన ఎత్తుకు మూడు స్తంభాలు సరిగా సరిపోయి, ఒకటి మాత్రం 4 మిల్లీమీటర్లు ఎక్కువైనది. తప్పుల సదిశ (4, 0, 0, 0). మరొక మేస్త్రి కట్టిన నాలుగూ తలా 2 మిల్లీమీటర్లు తప్పినవి, (2, 2, 2, 2). ఎవరి పని మేలు? ఒకటవ నార్మ్ మొదటివానికి 4, రెండవవానికి 8 తప్పు వేస్తుంది. దారం కొలత ఇద్దరికీ సరిగా 4 వేసి ఊరకుంటుంది. అనంత నార్మ్ మొదటివానికి 4, రెండవవానికి 2 వేస్తుంది. స్తంభం స్తంభానికీ సరిదిద్దే సిమెంటుకు ఖర్చు లెక్కించే యజమాని మొదటి మేస్త్రిని మెచ్చుకొంటాడు. ఏ ఒక్క స్తంభమూ 3 మిల్లీమీటర్లు మించి తప్పరాదని ఒప్పందం రాసుకొన్న యజమాని అతనిని వెనుకకు పిలిచి, ఆ ఒక్క స్తంభాన్ని చెక్కి సరిచేయమంటాడు.